తాంబూలాలు పుచ్చుకున్నాక చెప్పే నాలుగు మాటలు

నిశ్చితార్థం కబురును అమ్మాయి, అబ్బాయి తామే రాసి అందరికీ తెలియజేయడం తెలుగు ఇళ్లలో ఇటీవల వచ్చిన అలవాటు. అంతకుముందు ఆ కబురు పెద్దల నోటి నుంచే వెళ్లేది. పెళ్లి శుభలేఖ చూస్తే ఆ పద్ధతి ఇప్పటికీ కనిపిస్తుంది. పిలిచేది తల్లిదండ్రులు, ఆశీర్వదించమని కోరేదీ వాళ్లే. పెళ్లి ఎవరిదో ఆ ఇద్దరూ 'చి.', 'చి.ల.సౌ.' అన్న పొడి అక్షరాల వెనక వినయంగా నిలబడతారు. నిశ్చితార్థం తర్వాత రాసుకునే చిన్న ప్రకటనలో మాత్రం ఈ వరస మారుతుంది. ఇద్దరూ కలిసి 'మేము' అని లోకానికి చెప్పడం అదే మొదటిసారి. నలుగురిలో గట్టిగా మాట్లాడని స్వభావం ఉన్నవాళ్లకు ఆ ఒక్క మాట రాయడమే బరువుగా తోస్తుంది. అందుకే ఈ ప్రకటన ఐదారు వాక్యాలదే అయినా, చాలా జంటలు దానితో రెండు మూడు రోజులు కుస్తీ పడతాయి.

ఏం రాయాలో తేలాలంటే ఆ రోజు జరిగిందేమిటో ముందు స్పష్టంగా ఉండాలి. నిశ్చితార్థానికి ప్రాంతాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి పేర్లు మారతాయి. కోస్తా జిల్లాల్లో తాంబూలాలు పుచ్చుకోవడం అంటారు. తెలంగాణలో చాలా ఇళ్లలో పూలు పండ్లు అనో, వరపూజ అనో చెప్పుకుంటారు. కొన్ని కుటుంబాల్లో, ముఖ్యంగా క్రైస్తవ కుటుంబాల్లో, ప్రధానం అన్న మాట వాడుకలో ఉంది. పేరేదైనా హిందూ కుటుంబాల్లో తంతు ఇంచుమించు ఒకటే. పళ్లెంలో తమలపాకులు, వక్కలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, పండ్లు, కొత్త బట్టలు పెట్టి ఇరువైపుల పెద్దలు మార్చుకుంటారు. ఉంగరాలు తొడగడం ఇప్పుడు దాదాపు అంతటా ఉంది. ముహూర్తం అప్పటికే కుదిరి ఉంటే పురోహితుడు లగ్నపత్రిక రాసి అందరి ముందూ చదువుతాడు. వధూవరుల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, గోత్రాలు, తిథి, వారం, నక్షత్రం, లగ్నం అందులో ఉంటాయి. అసలైన మొదటి ప్రకటన ఆ లగ్నపత్రికే. ఆ తర్వాత జంట రాసేది, ఆ గదిలో లేనివాళ్లకు చేరవేసే కబురు.

తాంబూలం ఇవ్వడమంటే మాట ఇవ్వడం. ఆ మాటకు పూర్వం ఎంత పట్టు ఉండేదో చెప్పడానికి గురజాడ 'కన్యాశుల్కం' చాలు. 1892లో తొలిసారి ప్రదర్శించి 1897లో అచ్చువేసిన ఆ నాటకంలో ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని సంబంధాన్ని తండ్రి ఒక్కడే ఖాయం చేసేస్తాడు. పిల్ల మాట అడిగినవాళ్లు లేరు. అక్కడి నుంచి చూస్తే, పెళ్లి చేసుకోబోయే ఇద్దరూ తమ పేర్లతో తామే కబురు చెప్పగలగడం ఎంత దూరం వచ్చినట్టో అర్థమవుతుంది. అయితే నిశ్చితార్థం పెళ్లి కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని పెళ్లిగా నిలబెట్టేది వివాహ సంస్కారాలే, తాంబూలాలు కావు. కాబట్టి ప్రకటనలో 'మా ఆయన', 'మా ఆవిడ', 'శ్రీమతి' లాంటి మాటలు తొందరపాటు అవుతాయి. 'కాబోయే' అన్న మాట వాడొచ్చు. అదీ లేకుండా రెండు పేర్లు పక్కపక్కన రాస్తే ఇంకా హాయిగా ఉంటుంది.

రాయడానికి కూర్చునే ముందు కొన్ని ఫోన్లు చేయాలి. మేనమామలు, మేనత్తలు, పెదనాన్న, బాబాయి, అమ్మమ్మ వైపు దగ్గరివాళ్లు ఈ సంగతిని వాట్సాప్ స్టేటస్‌లో చూసి తెలుసుకుంటే నొచ్చుకుంటారు, అందులో న్యాయం కూడా ఉంది. 'మాకు చెప్పనేలేదు' అన్న మాట పెళ్లయిన పదేళ్లకూ వినిపిస్తుంది. నిశ్చితార్థానికి కొద్దిమందినే పిలిచిన ఇళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. పిలవనివాళ్లకు ముందు తల్లిదండ్రులు ఫోన్ చేసి చెప్పాలి, ఆ తర్వాతే ఫొటో బయటికి వెళ్లాలి. మధ్యలో ఒక రోజు విరామం ఉంటే ఈ పని సాఫీగా జరుగుతుంది. ప్రకటన రెండు ఇళ్ల నుంచీ ఒకే సమయానికి వెళ్లడం కూడా మంచిది. ఒక వైపు పొద్దున, మరో వైపు మర్నాడు అయితే రెండో వైపు బంధువులు మొదటివాళ్ల దగ్గర వింటారు.

పెద్దలను ఒక మాట అడగడం కూడా ఈ దశలోనే. దిష్టి తగులుతుందనో, ముహూర్తం ఖాయం కాలేదనో, శూన్యమాసం దాటనివ్వండనో కొందరు కొన్నాళ్లు ఆగమంటారు. ఆషాఢంలో, పుష్యంలో శుభకార్యాలు తలపెట్టని ఇళ్లలో ఆ నెలల్లో ప్రకటన కూడా ఇష్టపడరు. ఆ నమ్మకం జంటకు లేకపోయినా, రెండు మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు. ఆ కాస్త ఓపికే తర్వాత రాయబోయే కృతజ్ఞత వాక్యానికి నిజమైన బలం ఇస్తుంది.

ఇక రాత. మొదటి వాక్యం కబురు చెప్పాలి. ఇక్కడే సిగ్గరి జంటకు తెలుగు వాక్యం చేసే సాయం పెద్దది. 'మేము పెళ్లి చేసుకోబోతున్నాం' అంటే పని చేసేవాళ్లు ముందుకొచ్చి నిలబడతారు. 'మా పెళ్లి కుదిరింది' అంటే జరిగిన సంగతి ముందుకొస్తుంది, మనుషులు కాస్త పక్కకు తప్పుకుంటారు. 'పెద్దలు మా పెళ్లి నిశ్చయించారు' అంటే గౌరవం మొత్తం పెద్దలకు వెళ్తుంది. మూడూ మంచి వాక్యాలే, కానీ మూడూ అందరికీ నప్పవు. పెద్దలు చూసిన సంబంధమైతే మూడోది నిజం. ఇద్దరూ ఇష్టపడి ఇళ్లలో చెప్పుకుని ఒప్పించుకున్న సంబంధమైతే అది నిజం కాదు, దగ్గరివాళ్లందరికీ ఆ సంగతి తెలుసు కూడా. రెండు రకాల సంబంధాలకూ సరిపోయే వాక్యం ఒకటుంది: 'పెద్దల సమక్షంలో మా నిశ్చితార్థం జరిగింది.' ఇందులో అబద్ధం లేదు, ఆర్భాటం లేదు, పెద్దలను దాటిపోయిన ధోరణీ లేదు. మాట తడబడే ఇద్దరికి ఇంతకంటే మంచి మొదటి వాక్యం దొరకడం కష్టం.

సంతోషం చెప్పడానికి ఒక వాక్యం చాలు. అది ఎంత పొట్టిగా ఉంటే అంత నమ్మబుద్ధవుతుంది. 'చాలా సంతోషంగా ఉంది' అన్న మూడు మాటల్లో ఉన్న నిండుదనం 'మాటల్లో చెప్పలేని అనుభూతి', 'జన్మజన్మల బంధం', 'నా ప్రాణానికి ప్రాణం' వంటి వాటిలో ఉండదు. మామూలుగా అలా మాట్లాడనివాళ్లు హఠాత్తుగా అలా రాస్తే, చదివేవాళ్లకు అది వేరెవరో రాసిచ్చినట్టు తెలిసిపోతుంది. సిగ్గును దాచాల్సిన పని కూడా లేదు. 'చెప్పాలంటే కాస్త సిగ్గుగా ఉంది' అని ఉన్నదున్నట్టు రాస్తే వాళ్లను ఎరిగిన ప్రతివాళ్లూ ఆ గొంతును గుర్తుపడతారు.

ఇప్పుడు రెండు కుటుంబాలకు కృతజ్ఞత చెప్పే వాక్యం. మొత్తం ప్రకటనలో ఎక్కువ ఆలోచన కోరేది ఇదే. ఎందుకంటే తెలుగు ఇళ్లలో అమ్మకు, నాన్నకు, తాతయ్యకు ఎదురుగా నిలబడి ధన్యవాదాలు చెప్పే అలవాటు లేదు. ఆ మాట బయటివాళ్లకు, సభల్లో వక్తలకు, సాయం చేసిన కొత్తవాళ్లకు చెప్తాం. సొంతవాళ్లకు చెప్తే మధ్యలో దూరం పెట్టినట్టు వినిపిస్తుంది. 'మా ఇరు కుటుంబాలకు హృదయపూర్వక ధన్యవాదములు' అన్న వాక్యం సభ చివర చేసే వందన సమర్పణలా ఉండడానికి కారణం అదే. అందులో తప్పేమీ లేదు కానీ, చదివిన అమ్మ కళ్లు అక్కడ ఒక్క క్షణం కూడా ఆగవు.

దీనికి దారి, ఏం చేశారో చెప్పడం. ప్రతి నిశ్చితార్థం వెనకా ఇంట్లోవాళ్లు చేసిన పనులు ఉంటాయి. ఒక తండ్రి సగం మాటలోనే కోప్పడకుండా మొత్తం విని ఉంటాడు. ఒక తల్లి రెండు వైపులా ఫోన్లు చేసి నెమ్మదిగా సర్దిచెప్పి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ నాలుగు గంటలు కారులో కూర్చుని వచ్చి ఉంటుంది. అన్నయ్య సెలవు పెట్టుకుని వంటవాళ్ల దగ్గర నిలబడి ఉంటాడు. వీటిలో ఒక్కో ఇంటి నుంచి ఒక్కొక్కటి ఎంచుకుని పేరు పెట్టి చెప్తే, 'ధన్యవాదాలు' అన్న మాట వాడకపోయినా కృతజ్ఞత అందుతుంది. చివర పెద్దలకు 'నమస్కారాలు' అనడం సహజంగా ఉంటుంది. 'రుణపడి ఉంటాం' అన్నది బరువైన మాట, నిజంగా అంత పెద్ద సంగతి జరిగి ఉంటేనే అది నిలుస్తుంది.

రెండు ఇళ్లకూ ఒకే తూకం ఉండాలన్నది ఇక్కడ తప్పనిసరి. ఒక ఇంటికి పది మాటలు, మరో ఇంటికి రెండు మాటలు పడితే ఆ రెండో ఇంట్లో ఎవరో ఒకరు తప్పక లెక్కపెడతారు. ముందు ఎవరి పేరు రావాలన్నది మరో చిక్కు. అమ్మాయి రాస్తే అబ్బాయి ఇంటివాళ్లను, అబ్బాయి రాస్తే అమ్మాయి ఇంటివాళ్లను ముందు తలచుకోవడం మర్యాద. ఇద్దరి పేరుతో ఒకే ప్రకటన వెళ్తే, తాంబూలాలు ఎవరింట జరిగాయో ఆ ఇంటిని ముందు చెప్పి, ప్రయాణం చేసి వచ్చినవాళ్లను తర్వాత చెప్పడం కుదురుగా ఉంటుంది.

వరసల విషయంలో ఒక చిన్న గోతి ఉంది. కాబోయే అత్తమామలను 'అత్తయ్యకు, మావయ్యకు' అని రాస్తే, మేనత్త, మేనమామ తమ గురించే అనుకోవచ్చు, ఎందుకంటే వాళ్లకూ అవే పిలుపులు. మరి కొన్ని ఇళ్లలో పెళ్లి కాకముందే ఆ వరసలు వాడడం ఇష్టపడరు. 'ఇద్దరి అమ్మానాన్నలకు' అని రాస్తే రెండు ఇబ్బందులూ తప్పుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుని చూడొచ్చు. అమ్మాయిది తెనాలి, అబ్బాయిది కరీంనగర్, ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే చోట పనిచేస్తారు అనుకుందాం. ఒకరినొకరు ఇష్టపడ్డారు. ఇళ్లలో చెప్పడానికే చాలా కాలం పట్టింది. ప్రాంతం వేరు, తిండి వేరు, మాట తీరు వేరు అని మొదట ఇరువైపులా సందేహించారు, తర్వాత ఒప్పుకున్నారు. శ్రావణంలో ఒక ఆదివారం తెనాలిలో అమ్మాయి వాళ్లింట్లో తాంబూలాలు పుచ్చుకున్నారు. ముహూర్తం ఇంకా పెట్టలేదు. ఇలాంటి జంట మొదటిసారి రాసేది చాలావరకు ఇలా ఉంటుంది:

'మా జీవితంలో ఒక కొత్త అధ్యాయాన్ని ప్రారంభించబోతున్నామని ప్రకటించడానికి మేము ఎంతో ఆనందిస్తున్నాము. మా ప్రేమను అంగీకరించి మాకు మద్దతుగా నిలిచిన మా ఇరు కుటుంబాలకు ధన్యవాదములు. త్వరలో మా వివాహానికి మీ అందరినీ ఆహ్వానిస్తాము.'

మొదటి వాక్యంలో కబురే లేదు. కొత్త అధ్యాయం ఉద్యోగం కావచ్చు, కొత్త ఇల్లు కావచ్చు. ఊరు లేదు, రోజు లేదు. రెండో వాక్యంలో 'అంగీకరించి' అన్న మాట దగ్గర చూడాలి. అంగీకరించారు అంటే మొదట అంగీకరించలేదన్న సంగతి కూడా దానితో పాటే బయటికి వెళ్తుంది. తెలియనివాళ్లకు అది కొత్త అనుమానం, తెలిసినవాళ్లకు పాత గొడవ. మూడో వాక్యంలో ఆహ్వానించే పని ఇద్దరూ తీసేసుకున్నారు. పెళ్లి పిలుపులు ఇంటింటికీ వెళ్లి బొట్టుపెట్టి పిలిచే పెద్దలవి. ఆ పనిని వాళ్లకే ఉంచితే వాళ్లకు తృప్తి.

అదే జంట తమ గొంతుతో రాస్తే ఇలా రావచ్చు:

'అందరికీ నమస్కారం. మొన్న ఆదివారం తెనాలిలో, పెద్దల సమక్షంలో మా ఇద్దరి నిశ్చితార్థం జరిగింది. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఆగాం. చాలా సంతోషంగా ఉంది, కాస్త సిగ్గుగానూ ఉంది. మా మాట ఓపిగ్గా విని, ఇంటినిండా పందిరేసిన తెనాలి ఇంటికి, రాత్రంతా ప్రయాణం చేసి పూలూ పండ్లూ తెచ్చిన కరీంనగర్ ఇంటికి మా నమస్కారాలు. ముహూర్తం కుదిరాక పెద్దలు పిలుస్తారు. మీ ఆశీస్సులు కావాలి.'

కింద రెండు పేర్లు. ఇందులో 'ప్రేమ' అన్న మాట లేదు, అయినా కథ తెలిసినవాళ్లకు 'మా మాట ఓపిగ్గా విని' అన్నచోట అంతా అందుతుంది, తెలియనివాళ్లకు అది మామూలు వాక్యమే. తెనాలి తాంబూలాలు, కరీంనగర్ పూలు పండ్లు, రెండు ఇళ్ల ఆచారాల్లో ఏదీ తక్కువ కాలేదు. తండ్రుల పేర్లు, ఉద్యోగాలు, హోదాలు లేవు కాబట్టి ఎవరికి ఎక్కువ మర్యాద దక్కిందన్న పోలిక పుట్టదు. కరీంనగర్ అత్తమ్మకు, తెనాలి అమ్మమ్మకు ఒకే వాక్యం చదివి వినిపించవచ్చు, ఎవరికీ ఏ మాటా విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఫొటో గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. సిగ్గరి జంటకు ఒక్క ఫొటో చాలు. ఉంగరాలు తొడిగిన చేతులు, తాంబూలం పళ్లెం, లేదా రెండు కుటుంబాలూ కలిసి నిల్చున్న ఫొటో వాళ్ల మాటలకు సరిగ్గా సరిపోతుంది. కుటుంబాల ఫొటో పెట్టేటప్పుడు ఎవరైనా సగం కోసుకుపోయారేమో, కళ్లు మూసుకున్నారేమో చూడాలి. లగ్నపత్రికను దగ్గరగా తీసిన ఫొటో పెట్టకపోవడం మంచిది. అందులో పూర్తి పేర్లు, ఒక్కోసారి చిరునామాలు ఉంటాయి. పెళ్లి తేదీ, ఊరు, మండపం అందరికీ తెలిసేలా ముందే చెప్తే ఆ రోజు ఇల్లు ఖాళీగా ఉంటుందని కూడా చెప్పినట్టే.

అన్ని నిశ్చితార్థాలూ ఒకే రకంగా జరగవు. తల్లో తండ్రో లేని ఇంట్లో 'ఇద్దరి అమ్మానాన్నలకు' అన్న మాట ముల్లులా గుచ్చుకుంటుంది. అక్కడ ఉన్నవాళ్లను వరసతో చెప్పి, లేనివాళ్లను ఒక్క మాటతో తలచుకోవచ్చు. 'నాన్న ఉంటే ఎంత సంతోషించేవారో' అన్నంత వరకు చాలు, అంతకంటే పొడిగిస్తే శుభవార్త దుఃఖం వైపు మళ్లుతుంది. పెంచింది మేనమామ అయితే ఆయన పేరు తల్లిదండ్రుల స్థానంలోనే రావాలి.

ఒక ఇల్లు ఇంకా మనసు మార్చుకోని సందర్భం అన్నిటికన్నా కష్టమైనది. కులాంతర, మతాంతర పెళ్లిళ్లలో ఇది ఎదురవుతుంది. రాని కుటుంబానికి వచ్చినట్టుగా కృతజ్ఞతలు చెప్తే వాళ్లకు కోపం, చదివేవాళ్లకు అయోమయం. వాళ్లను వదిలేసి రెండో కుటుంబాన్ని పొగిడితే తలుపు పూర్తిగా మూసినట్టు. 'మా వెంట నిలబడిన పెద్దలకు, స్నేహితులకు నమస్కారాలు. అందరి ఆశీస్సులూ కోరుకుంటున్నాం' అని రాస్తే ఎవరినీ ఎత్తిచూపినట్టు కాదు, రేపు వాళ్లు రావాలనుకుంటే దారీ ఉంటుంది. ఆ ఇంటి నుంచి బెదిరింపులే వస్తుంటే ప్రకటన మాట పక్కన పెట్టాలి. ఊరు, చోటు తెలిసే ఏ ఫొటో అయినా అప్పుడు ప్రమాదమే.

విదేశాల్లో ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లు సెలవుకు వచ్చినప్పుడు తాంబూలాలు పుచ్చుకుని వెళ్లిపోతారు, పెళ్లికి నెలలు పడుతుంది. వాళ్లు ఆఫీసులో వాళ్లకు ఇంగ్లీషులో, బంధువులకు తెలుగులో చెప్పాల్సి వస్తుంది. ఒకదాన్ని రెండోదానిలోకి మార్చడం కన్నా రెండూ విడివిడిగా రాసుకోవడం నయం. ఇంగ్లీషులో ఎవరికైనా చెప్పే థాంక్యూ ఇంట్లోవాళ్లకూ సహజంగా సరిపోతుంది, తెలుగులో ఆ చోట నమస్కారాలు కావాలి.

పంపే ముందు ఇద్దరూ ఒకసారి పైకి చదువుకోవాలి. ఏ మాట దగ్గర నవ్వొస్తే, నాలుక తడబడితే ఆ మాట వాళ్లది కాదు. తర్వాత రెండు ఇళ్లలో ఒక్కొక్కరికి, వీలైతే అమ్మలకు, వినిపించాలి. పేరు మరిచిపోయినా, వరస తప్పినా, ఇంటిపేరు అక్షరం మారినా వాళ్లు వెంటనే పట్టుకుంటారు. అయినా ఎవరో ఒకరు మిగిలిపోయి నొచ్చుకుంటే, ప్రకటనను దిద్ది మళ్లీ పంపడం కన్నా ఆ ఒక్కరికే ఫోన్ చేసి మాట్లాడటం మేలు.

జవాబులు ఆ సాయంత్రానికే వందల్లో వస్తాయి. పెద్దల ఆశీస్సులకు 'నమస్కారం పెద్దమ్మా', 'మీ ఆశీస్సులు బాబాయ్' అని వరసతో ఒక్కొక్కరికీ జవాబు ఇవ్వాలి, అందరికీ కలిపి ఒక బొమ్మ పంపితే సరిపోదు. తోటివాళ్లకు థాంక్స్ చాలు. పెళ్లి ఎప్పుడని, ఎలా పరిచయమని, ఏమేం పెట్టారని అడిగేవాళ్లు ఉంటారు. మొదటిదానికి 'ఇంకా ముహూర్తం పెట్టలేదు' అనవచ్చు, రెండోదానికి 'కలిసినప్పుడు చెప్తాం' అనవచ్చు, మూడోదానికి జవాబు ఇవ్వనక్కర్లేదు.